తాతగారి జంట గొట్టాల తుపాకి, దాని అడుగున ఉన్న ముద్రలు

ఈసారి కొంచెం పెద్ద పోస్టే. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

మొన్నటి సమావేశం ముగిశాక అందరం కిందికి దిగుతుంటే మన సభ్యుడొకరు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపారు. వాళ్లది మూడు తరాలుగా పురసవాక్కమే, సొంతూరు మాత్రం నగరి పక్కన. అక్కడ మామిడి తోట ఉంది. "అన్నా, మీరు పాత సంగతులన్నీ రాస్తుంటారు కదా. మా తాతగారి తుపాకి నాన్నగారి పేర ఉండేది, ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మారింది. తోటలో పందుల బెడద. బెదరగొట్టడానికి పైకి రెండు పేలిస్తే చాలంటున్నాడు మావాడు. కొత్త తూటాలు ఒక పెట్టె కొన్నాం కూడా. పేల్చవచ్చునా?" అని అడిగారు.

పేల్చడానికి లైసెన్సు షరతులు ఒప్పుకుంటాయా అనేది వేరే ప్రశ్న. దానికి జవాబు లైసెన్సు పుస్తకంలో చూసుకోవాలి, లేకపోతే కలెక్టరు ఆఫీసులో అడగాలి. కానీ ఆయన అడిగింది అది కాదు. పేలిస్తే ఆ తుపాకి తట్టుకుంటుందా అని అడిగారు. అప్పటికే ఇంట్లో దీని మీద రెండు వర్గాలు. ఆయన తల్లిగారేమో "పాత ఇనుము నాయనా, ఇప్పటి డబ్బా సరుకులాంటిది కాదు, మీ తాత ఎన్నిసార్లు పేల్చలేదు" అంటారు. కోడలేమో "ఎడమ చెయ్యి పెట్టి పట్టుకునేది నా కొడుకు" అంటారు. ఇద్దరి మాటలోనూ పాయింటు ఉంది. ఎవరిది నిజమో ఆ తుపాకి మీదే రాసి ఉంటుందని మేము అన్నాం. అది చదివిన కథే ఇది.

ముందు ఆ తుపాకి గురించి. పన్నెండు బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు, పైన సుత్తులు కనిపించని రకం. జమీందారీలు రద్దయిన రోజుల్లో, అంటే 1948 చట్టం తరువాత, ఒక ఎస్టేటు సామాను అమ్మకంలో తాతగారు కొన్నారట. గొట్టాల మధ్య పొడవునా నడిచే పట్టీ మీద మౌంట్ రోడ్డు షాపు పేరు ఒకటి, కింద మద్రాసు అని, అందంగా చెక్కి ఉంది. "మద్రాసులో చేసిన తుపాకి" అని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

ఇక్కడే మొదటి పొరపాటు. ఆ రోజుల్లో మద్రాసు, కలకత్తా, బొంబాయి షాపులు ఇంగ్లండు నుంచి తుపాకులు తెప్పించుకుని తమ పేరు చెక్కించుకుని అమ్మేవి. ఇప్పుడు మనం గడియారాల షాపుగా గుర్తుపెట్టుకున్న పి. ఓర్ అండ్ సన్స్ పేరుతోనూ వేట తుపాకులు ఉన్నాయి. కలకత్తాలో రోడ్డా కంపెనీ ఇంకా పెద్ద వ్యాపారి. 1914 ఆగస్టులో ఆ కంపెనీకి ఓడలో వచ్చిన 50 మౌజర్ పిస్తోళ్లను, 46 వేల తూటాలను బెంగాల్ విప్లవకారులు దారిలోనే మాయం చేశారు. ఆ కథ రాస్తే మరో పోస్టు అవుతుంది. మనకు కావలసింది ఇంతే: పైన ఉన్న పేరు అమ్మినవాడిది. ఎక్కడ తయారయింది, ఎప్పుడు తయారయింది, ఎంత బలానికి పరీక్షించారు అన్నది తెలియాలంటే గొట్టాలు విప్పి తిరగేసి చూడాలి.

అలా తిరగేసి చూడడం మన ఇంటి వరండాలో చేయదగ్గ పని కాదు. ఆయుధాల చట్టం 1959 లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకులు బాగుచేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. కాబట్టి సభ్యుడే తన లైసెన్సుతో తుపాకిని లైసెన్సున్న డీలరు షాపుకు తీసుకువెళ్లారు, మేము వెంట వెళ్లాం. అక్కడి మేస్త్రీ అరవై దాటిన మనిషి, తమిళుడు, తెలుగు బాగా వస్తుంది. ముందు తుపాకి మడిచి రెండు గొట్టాలూ ఖాళీ అని తాను చూసి మాకూ చూపించాడు. తరువాత గొట్టాల కింద ఉండే చెక్క తొడుగు ఊడదీసి, గొట్టాలను వేరు చేసి, వెనక్కి తిప్పి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. తూటా పెట్టే చోట గొట్టాల అడుగు భాగం చదునుగా ఉంటుంది. ముద్రలన్నీ అక్కడే.

ఆ ముద్రల వెనుక ఉన్న చరిత్ర కొంచెం చెప్పాలి. తుపాకి గొట్టం అంటే లోపల ప్రతిసారీ ఒక చిన్న పేలుడు జరిగే గొట్టం. అతుకు సరిగా పడకపోయినా, ఇనుములో మట్టి చారిక ఉన్నా, పైకి కనబడదు. కొన్నవాడి చేతిలో పేలిన రోజునే బయటపడుతుంది. అందుకని లండనులో తుపాకి పనివాళ్ల సంఘానికి 1637లో రాజపత్రం దొరికాక, ప్రతి గొట్టాన్నీ అమ్మకముందు మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసి, నిలిచినదానికి ముద్ర కొట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. బర్మింగ్‌హాములో ఇదే పని కోసం 1813లో పార్లమెంటు చట్టం చేసి ప్రూఫ్ హౌస్ పెట్టింది. ప్రూఫ్ అంటే అక్కడ రుజువు అని అర్థం. ఈ గొట్టం ఇంత బలమైన పేలుడును ఒకసారి తట్టుకుంది అనే రుజువు. 1868 చట్టం తరువాత ఇంగ్లండులో ముద్ర లేని తుపాకి అమ్మడం నేరం. ముద్ర కొట్టాక గొట్టాన్ని పలచబరిచి, మళ్లీ పరీక్షకు పంపకుండా అమ్మినా నేరమే.

ముద్ర చెప్పేది గొట్టం ఆ రోజు ఉన్న కొలతల గురించి, ఆనాటి మందు గురించి. నూటపాతికేళ్ల తరువాత ఇవాళ్టి తూటాకు అది జవాబుదారీ కాదు.

ఇప్పుడు మన తుపాకి మీద ఏమున్నాయో చూద్దాం. మేస్త్రీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి, భూతద్దం మాకిచ్చాడు.

మొదట కనిపించింది, అడ్డంగా దాటుకున్న రెండు రాజదండాలు, వాటి పైన కిరీటం, చుట్టూ బి, సి, పి అనే అక్షరాలు. పక్కనే అలాంటిదే మరొకటి, దానిలో వి అనే అక్షరం. ఇవి బర్మింగ్‌హాము ముద్రలు. మొదటిది పేల్చి చూసినందుకు, రెండోది కంటితో తనిఖీ చేసినందుకు. రాజదండాలతో ఉన్న ఈ రూపాన్ని అక్కడ 1904 వరకు వాడారు. ఆ తరువాత కిరీటం కింద బి.పి., కిరీటం కింద బి.వి. అని మార్చారు. అంటే మన తుపాకి 1904కు ముందుది.

రెండోది, ఒక డైమండు గుర్తు, దానిలో 12, దాని కింద సి. ఇది 1887 నుంచి వచ్చిన గుర్తు. పన్నెండు బోరు తూటా పెట్టే ఛాంబరు మూడంగుళాల కంటే తక్కువ అని అర్థం. మూడంగుళాలు, ఆపైన ఉంటే ఎల్.సి. అని కొట్టేవారు. ఎడమ గొట్టం మీద చోక్ అని ఇంగ్లీషులో ఉంది, అంటే కొస దగ్గర గొట్టాన్ని కొంచెం బిగించారు. ఈ మాట కూడా 1887 నాటిదే. దానికి ముందు, 1875 నుంచి, ఇలాంటి గొట్టాల మీద 'గుండు వాడరాదు' అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు కొట్టేవారు. బిగించిన కొసలోంచి ఒకే పెద్ద సీసపు గుండు వెళ్లబోతే గొట్టం చీలుతుందని ఆ హెచ్చరిక. ఈ మాటలే ఉండి ఉంటే తుపాకి ఇంకా పాతదయ్యేది. కాబట్టి మనది 1887, 1904 మధ్య. తాతగారు కొనేటప్పటికే దానికి నలభై నాలుగేళ్లకు తక్కువ లేవు.

మూడోది లేకపోవడమే ముఖ్యం. నైట్రో ప్రూఫ్ అనే మాట గానీ, ఎన్.పి. అనే అక్షరాలు గానీ ఎక్కడా లేవు. పొగలేని మందుకు విడిగా పరీక్షించి ఆ ముద్ర కొట్టడం 1896 నుంచి ఉంది, కోరుకున్నవాళ్లకు. ఈ తుపాకిని చేసినవాడు కోరుకోలేదు, లేదా అప్పటికింకా ఆ పద్ధతి రాలేదు. ఏదైనా సరే, దీన్ని పరీక్షించింది నల్ల మందుతోనే.

నల్ల మందు అంటే మన ఊళ్లలో సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరేదే. పొగలేని మందు పుట్టింది 19వ శతాబ్దం రెండో సగంలో. దూదినో చెక్కపొట్టునో నైట్రిక్ ఆమ్లంలో వేసి చేసే నైట్రో సెల్యులోజు దాని ఆధారం. మన నీలగిరుల్లో కూనూరు పక్కన అరువంకాడు ఫ్యాక్టరీ 1900ల మొదట్లో పెట్టింది ఈ జాతి మందు తయారుచేయడానికే. ఈ మందు తక్కువ బరువుతో ఎక్కువ పని చేస్తుంది. ఒకప్పుడు పన్నెండు బోరు తూటాలో నల్ల మందు మూడు డ్రాములు, అంటే అయిదు గ్రాములకు పైన పోసేవారు. అదే పని ఇవాళ్టి చిక్కటి మందు గ్రామున్నర చేస్తుంది. ఊళ్లలో ఇత్తడి తూటాలు ఇంట్లోనే నింపుకునేవారికి ఇది ప్రాణాంతకమయింది. మందు కొలవడానికి పాత గిన్నె ఉంటుంది, కొత్త మందు అదే గిన్నెతో పోస్తారు, ఇంచుమించు రెండింతలు పడుతుంది. తుపాకి పేలిపోయిందని మనం చిన్నప్పుడు విన్న కథల్లో చాలావాటి వెనుక గిన్నె పొరపాటు ఉండి ఉంటుందని మా అభిప్రాయం.

"అయితే మీ తాత ఎన్నిసార్లు పేల్చలేదు" అన్న పెద్దావిడ మాటకు జవాబు ఇక్కడే ఉంది. ఆమెనే అడిగాం, ఆయన తూటాలు ఎక్కడ కొనేవారమ్మా అని. "కొనడమేమిటి, అరుగు మీద కూచుని ఇత్తడి గొట్టాల్లో మందు పోసి అట్ట బిళ్లలు దట్టించేవారు, పేలిస్తే తెల్లటి పొగ, రెండు నిమిషాలు ఏమీ కనబడేది కాదు" అన్నారు. అది నల్ల మందే. ఆయన ఆ తుపాకికి దాని ఆహారమే పెట్టారు.

కొత్త తూటా తయారుచేసేవాడు ఇవాళ్టి తుపాకిని దృష్టిలో పెట్టుకుని చేస్తాడు. యూరపు ప్రమాణాల ప్రకారం మామూలు పన్నెండు బోరు తూటా లోపలి ఒత్తిడి సగటున 740 బార్ల వరకు ఉండవచ్చు. అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద దాదాపు 750 కిలోల బరువు నిలబెట్టినట్టు. తుపాకిని దీనికన్నా ఎక్కువగా, 930 బార్ల తూటాతో పేల్చి చూసి ముద్ర వేస్తారు. ఆ ఎక్కువే మనకు మిగిలే రక్షణ. మన తాతగారి తుపాకిని అంత ఒత్తిడికి ఎవరూ పరీక్షించలేదు. తట్టుకోదని కాదు, తట్టుకుంటుందని చెప్పే రుజువే లేదు.

ఇంతవరకు ముద్రలు. తరువాత మేస్త్రీ చూపించింది మాకు బొత్తిగా తెలియని విషయం.

సభ్యుడు కొన్న తూటాల పెట్టె మీద 70 మి.మీ. అని ఉంది. ఛాంబరు కొలిచే గేజి పెట్టి చూస్తే మన తుపాకి ఛాంబరు 65 మి.మీ., అంటే పాత రెండున్నర అంగుళాలు. "అయితే తూటా పట్టదు కదా, పట్టకపోతే తెలిసిపోతుంది" అన్నాడు సభ్యుడి కొడుకు. మేస్త్రీ నవ్వి, ఆ పెట్టెలోంచి ఒక తూటా తీసి స్కేలు మీద పెట్టాడు. 58 మి.మీ. మాత్రమే ఉంది! పెట్టె మీద 70 అని ఎందుకు రాశారు మరి?

సంగతి ఇది. తూటా పొడవు అని రాసేది పేలిన తరువాతి పొడవు. పేలకముందు దాని మూతి లోపలికి మడిచి, నక్షత్రం ఆకారంలో నొక్కి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడతలు విచ్చుకుని ముందుకు సాగుతాయి, అప్పుడు 70 అవుతుంది. కనుక పేలని 70 తూటా 65 ఛాంబరులోకి సులువుగా జారిపోతుంది, తుపాకి చక్కగా మూసుకుంటుంది, చేతికి ఏ తేడా తెలియదు. ఛాంబరు చివర గొట్టం గరాటులా సన్నబడుతుంది. పేలినప్పుడు విచ్చుకునే మూతి ఆ గరాటులోకి వెళ్లి పడుతుంది. గుళ్లు, వాటి వెనుక బిళ్లలు బయటికి పోవలసిన దారి సరిగ్గా అవి కదిలే క్షణంలోనే ఇరుకవుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది గరాటు వాలును బట్టి, తూటా గోడ మందాన్ని బట్టి మారుతుంది. కొన్నిసార్లు కొద్దిగానే పెరుగుతుంది. కానీ ముందే రుజువు లేని తుపాకి మీద ఆ కొద్ది కూడా ఎక్కువే.

మాకు నమ్మకం కలగడానికి మేస్త్రీ షాపులో ఉన్న పేలిన 70 మి.మీ. ఖాళీ తూటా ఒకటి తెచ్చి మన తుపాకి ఛాంబరులో పెట్టాడు. పూర్తిగా దిగలేదు. దాని ఇత్తడి అంచు బయటికే నిలబడింది. కుర్రాడు దాన్ని వేలితో నొక్కి చూశాడు, ఇంకోసారి నొక్కి చూశాడు, తరువాత ఏమీ మాట్లాడలేదు.

ఒక మినహాయింపు చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. కొన్ని కంపెనీలు పొడవు కొంచెం ఎక్కువున్నా, ఒత్తిడి తగ్గించి, రెండున్నర అంగుళాల ఛాంబరుకు వాడవచ్చునని పెట్టె మీదే రాస్తాయి. అలా రాసి ఉంటే, తుపాకికి నైట్రో ముద్ర ఉండి, గొట్టం బాగుంటే, వాడుకోవచ్చు. రాసి లేకపోతే, 65 ఛాంబరుకు 65 తూటానే. మన పెట్టె మీద ఏమీ రాసి లేదు.

"సరే, 65 మి.మీ. తూటాలు తెస్తాం, లేకపోతే తాతగారిలాగే నల్ల మందు తూటాలే నింపుకుంటాం" అన్నారు సభ్యుడు. ఇది న్యాయమైన ప్రశ్న. నల్ల మందుకు ముద్ర ఉంది కదా మరి?

దీనికి జవాబు గొట్టం లోపల ఉంది. ముద్రల పక్కన ఎడమ గొట్టం మీద 13 అని, గీత గీసి కింద 1 అని ఒక అంకె ఉంది. అది పరీక్ష రోజున గొట్టం లోపలి వెడల్పు. బోరు అనే మాటకు అర్థం, ఆ వెడల్పుకు సరిపోయే సీసపు గుండ్లు ఒక పౌనుకు ఎన్ని తూగుతాయి అని. పన్నెండు తూగితే పన్నెండు బోరు, 0.729 అంగుళాలు. కొంచెం ఇరుకైతే 13, అంటే 0.710. రెండింటి మధ్య మెట్టు 13 కింద 1, అంటే 0.719. అంటే పరీక్ష రోజున ఈ గొట్టంలోకి 0.719 గేజి వెళ్లింది, 0.729 గేజి వెళ్లలేదు.

మేస్త్రీ వెనుక నుంచి తొమ్మిది అంగుళాల లోపలికి కొలిచే డయల్ పెట్టి చదివాడు: 0.741. మళ్లీ కొలిచాడు, అదే. పరీక్ష రోజున ఎంత ఎక్కువ అనుకున్నా 0.729కి లోపే ఉన్న గొట్టం ఇప్పుడు కనీసం 0.012 అంగుళాలు వెడల్పయింది. పన్నెండు బోరు కొలత దాటి, దాని పై మెట్టు కూడా దాటింది. బర్మింగ్‌హాము లెక్కలో వెడల్పు 0.010 అంగుళాలకు మించి పెరిగితే ఆ తుపాకి ప్రూఫ్ పోయినట్టే. ముద్ర ఉంటుంది, చెల్లదు. రద్దయిన నోటు లాంటిదే, చూడడానికి అంకె అలాగే కనిపిస్తుంది.

ఇనుము ఎక్కడికి పోయింది? నల్ల మందు మసి తేమను పీలుస్తుంది. పాత తూటాల వెనుక నిప్పు పుట్టించే టోపీల్లోని మందు వదిలే ఉప్పు కూడా తేమను పీలుస్తుంది. పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి నూనె రాయకపోతే లోపల గుంటలు పడతాయి. మద్రాసు గాలి సంగతి మనకు చెప్పనక్కర్లేదు, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ముద్ద. గుంటలు పడ్డాక ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, లోపల రాయి తిప్పి అద్దంలా మెరిసేటట్టు నునుపు చేశారు. కంటికి చాలా బాగుంది. మేమూ మొదట గొట్టంలోంచి వెలుతురు చూసి "ఎంత శుభ్రంగా ఉందో" అనుకున్నాం. ఆ మెరుపు కోసం తీసేసిన ఇనుమే ఈ 0.012. పాత తుపాకి లోపల కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలని అప్పుడు అర్థమయింది.

తరువాత గోడ మందం కొలిచే గేజి పెట్టాడు. తూటా ఉండే చోట గొట్టం గోడ మందంగానే ఉంటుంది. ముందుకు పోయేకొద్దీ పలచబడుతుంది, ఎందుకంటే బరువు ముందుకు పడితే తుపాకి ఎత్తి గురి పెట్టడం కష్టం. ఎడమ గొట్టంలో అన్నిటికన్నా పలచని చోట 0.018 అంగుళాలు, అంటే అర మిల్లీమీటరుకు లోపు. మందపాటి పెళ్లి శుభలేఖ అట్ట అంత. ఇంగ్లండు తుపాకి పనివాళ్లు సాధారణంగా 0.020 కంటే తగ్గితే జాగ్రత్త పడతారు. మేస్త్రీ ఆ పలచని చోటు మీద సుద్దతో గీత గీసి, గొట్టాలను తిరిగి చెక్క తొడుగుకు బిగించి, తుపాకిని భుజానికెత్తి పట్టుకున్నాడు. సుద్ద గీత అతని ఎడమ చేతి వేళ్ల పక్కనే వచ్చింది. కోడలిగారి మాట అక్షరాలా నిజం. గొట్టం చీలితే ముందుగా పోయేవి ఎడమ చేతి వేళ్లే.

ఇంకో విషయం మాకు వెలుతురులో కనిపించింది. గొట్టాల పైన గోధుమ రంగులో, చీరంచు మీద నేసినట్టు సన్నని మెలికలు మెలికలుగా గీతలున్నాయి. దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. ఇనుప, ఉక్కు కడ్డీలను కలిపి మెలితిప్పి, కాల్చి, ఒక కమ్మీ చుట్టూ తాడులా చుట్టి, సుత్తితో కొట్టి అతికించేవారు. అంటే గొట్టమంతా, మొదటి నుంచి చివరిదాకా, ఒకే పొడవాటి అతుకు. మంచి పనివాడు చేసినది నైట్రో పరీక్షకు కూడా నిలిచింది, అలాంటివి ఉన్నాయి. కనుక డమాస్కస్ అనగానే పారెయ్యాలనే మాటతో మేము ఏకీభవించం. కానీ అతుకులోకి తుప్పు చేరితే అది పైకి కనబడదు, వందేళ్ల తరువాత లోపల ఏమయిందో ఎవరికీ తెలియదు. దానికి తోడు మన తుపాకికి నైట్రో ముద్ర లేదు, వెడల్పు దాటింది, గోడ పలచబడింది. ఈ పరిస్థితిలో నల్ల మందైనా సరే, దేన్ని నమ్మి పేలుస్తాం?

మేస్త్రీ చివరగా గొట్టాలను ఒక్కటే వేలికి వేలాడదీసి, గోటితో తట్టాడు. బాగున్న గొట్టాలు గుడి గంటలా కాసేపు మోగుతాయట. ఇవి ఠప్పుమని ఆగిపోయాయి. రెండు గొట్టాలను కలిపే పట్టీ ఎక్కడో వదులయిందని దానర్థం. లోపల నీళ్లు చేరి, కంటికి కనబడని పక్క నుంచి తుప్పు తింటుంది. నిజానికి ఈ పరీక్ష మొదటే చేసి ఉంటే మిగతావి అక్కర్లేకపోయేవేమో అని అడిగాం. "అప్పుడు మీరు నమ్మేవాళ్లు కాదు సార్" అన్నాడు.

మా ఇన్‌బాక్సులో ఇప్పటికే ఇద్దరు సభ్యులు తమ ఇళ్లలోనూ ఇలాంటివి ఉన్నాయని రాశారు. వాళ్లకు చిన్న మాట. మీ తుపాకి మీద కిరీటం కింద ఎన్.పి. ఉంటే, లేదా చేతిలో వంకర కత్తి పట్టుకున్న బొమ్మ కింద ఎన్.పి. ఉంటే, అది నైట్రో పరీక్ష జరిగిన తుపాకి. మొదటిది బర్మింగ్‌హాము, రెండోది లండను, రెండూ 1904 నుంచి. 1925 తరువాతి ముద్రల్లో ఛాంబరు పొడవు రెండున్నర అంగుళాలని అంకెల్లోనే ఉంటుంది. 1954 తరువాతివైతే చదరపు అంగుళానికి ఇన్ని టన్నులని కూడా ఉంటుంది. అండాకారంలో ఇ, ఎల్, జి అనే అక్షరాలుంటే అది బెల్జియంలోని లీజ్ నగరం ముద్ర, దాని లెక్కలు వేరు, ఈ పోస్టు చూసి చదవకండి. ఏ ముద్ర ఉన్నా వెడల్పు, గోడ మందం కొలిపించకుండా తూటా పెట్టకండి. అరిగిపోయిన ముద్రను బాగా కనబడేలా చేద్దామని ఆకురాయి తీయకండి. తుపాకి మీది గుర్తింపు గుర్తులు చెరపడం అదే చట్టం 8వ సెక్షన్ కింద నేరం.

మన సభ్యుడి ఇంట్లో ఏమయిందంటే, తూటాల పెట్టె రసీదుతో సహా డీలరుకే తిరిగి ఇచ్చేశారు. తుపాకిని ఆ డీలరు దగ్గరే రసీదు రాయించుకుని డిపాజిట్ చేశారు. లైసెన్సు మాత్రం రద్దు చేయించలేదు. పెద్దావిడ ఒప్పుకోలేదు, "ఆయన వస్తువు ఇంటి పేర ఉండనీ" అన్నారట. తోట చుట్టూ ఈసారి సోలారు కంచె వేయిస్తున్నారు. కుర్రాడు ఆ రోజు పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్రలన్నీ దించుకున్నాడు. రాజదండాలు, డైమండు, పదమూడు కింద ఒకటి. ఆ కాగితం ఇప్పుడు హాల్లో తాతగారి ఫోటో పక్కన ఫ్రేములో ఉంది. వాళ్లింటికి వెళ్లినవాళ్లు చూడవచ్చు.